షీట్‌లోకి రాని ఎర్ర చుక్క

ఇది మొదట ఒక కథ. రెండేళ్ల క్రితం రాశాను. తెనాలిలో పాతికేళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్న ఒక పెద్దావిడ, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు. లాక్‌డౌన్ తర్వాత వ్యాపారం పడిపోతుంది. కూతురు ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి లెక్కలు నేర్పిస్తుంది. తల్లి మొదట బెదురుతుంది, తర్వాత నేర్చుకుంటుంది. చివరి పేరాలో తల్లి కళ్ళద్దాలు సర్దుకుని ఫోన్‌లో గ్రాఫ్ చూసుకుంటూ నవ్వుతుంది. కూతురు కిటికీలోంచి బయటికి చూస్తుంది. కిటికీ ఎందుకో నాకూ తెలీదు, కథల్లో చివర్లో అందరూ అటే చూస్తారు కాబట్టి.

ఒక స్నేహితురాలికి చదవమని ఇచ్చాను. చదివి ఒకటే అడిగింది: "ఇందులో వాళ్ళమ్మకి ముందే తెలిసింది ఏమీ లేదా?"

నాకు సిగ్గేసింది. చదువుకున్న పాత్ర ఊరికొచ్చి అందరినీ బాగుచేసే కథలమీద నేను సమీక్షల్లో చాలాసార్లు విసుక్కున్నాను. తీరా నా వంతు వచ్చేసరికి సరిగ్గా అదే రాశాను. ఇంకో విషయం నా స్నేహితురాలికి తెలీదు. జరిగినదాంట్లో ఒక ముఖ్యమైన ముక్కని కథలోంచి కావాలనే తీసేశాను. అందులో తప్పు నాది కాబట్టి. ఆ ముక్క కోసమే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

మా అమ్మ 1996లో గుంటూరు వెళ్ళి మూడు నెలలు బ్యుటీషియన్ కోర్సు చేసింది. మరుసటేడు మా ఇంటి ముందు గదిలో ఒక కుర్చీ, ఒక నిలువుటద్దం పెట్టి పార్లర్ తెరిచింది. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కదా, ఆ పేరు పెడదామని నాన్న సరదాపడ్డారు. అమ్మ ఒప్పుకోలేదు. "ఆ పేరు పెడితే రేటెక్కువ అనుకుని లోపలికే రారు" అందట. బ్రాండింగ్ గురించి అమ్మ తీసుకున్న మొదటి నిర్ణయం అది. కథలో ఇది రాయాలని నాకు తట్టలేదు.

2022లో నేను వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని నాలుగు నెలలు తెనాలిలో ఉన్నాను. పగలంతా నా మీటింగులు, పక్కగదిలో అమ్మ కస్టమర్లు. మధ్యలో ఒక ప్లైవుడ్ తలుపు. పార్లర్‌లో రోజంతా మనుషులు వస్తూనే ఉన్నారు, కానీ నెలాఖరుకి అమ్మ చేతిలో ఏమీ మిగలట్లేదు. సాయానికి ఉండే అమ్మాయికి జీతం, కరెంటు బిల్లు, క్రీములు, అంతే సరి. దాన్ని చూసి నాలో ఇంజనీరు నిద్రలేచాడు.

మొదట చేసింది టైము కొలవడం. వారంరోజులు ప్రతి పనికీ ఎన్ని నిమిషాలు పడుతోందో ఫోన్‌లో నోట్ చేశాను. ఐబ్రోస్‌కి ఎనిమిది నిమిషాలు. అందులో సగం కబుర్లు, కానీ కబుర్లు ఆపితే అది పార్లర్ కాదు కాబట్టి అవీ కలిపాను. ఫేషియల్‌కి గంటంబావు. డై వేసి తల కడిగి పంపడానికి, మధ్యలో రంగు పట్టేదాకా ఆగే సమయం తీసేస్తే, నలభై నిమిషాలు. తర్వాత ఒక్కోదానికి అయ్యే సరుకు ఖర్చు తీసేసి మిగిలినదాన్ని నిమిషాలతో భాగించాను.

ఐబ్రోస్‌కి అమ్మ తీసుకునేది 40 రూపాయలు. దారం, పౌడరు కలిపి రూపాయి. ఎనిమిది నిమిషాలకి 39 మిగిలితే నిమిషానికి దాదాపు అయిదు రూపాయలు. ఫేషియల్ 800. క్రీములు, ప్యాక్, దూది అన్నీ కలిపి 200 పోతే 600 మిగులుతుంది, 75 నిమిషాలకి. అంటే నిమిషానికి ఎనిమిది. డైకి 200, అందులో సరుకు 30. మిగిలిన 170ని 40తో భాగిస్తే నాలుగుంబావు. అన్నింట్లో తక్కువ అదే. పైగా అదే ఒళ్ళు హూనమయ్యే పని, చేతులు నల్లబడే పని.

అమ్మకి ఈ లెక్క నచ్చింది. నిజంగా నచ్చింది, నన్ను సంతోషపెట్టడానికి కాదు. తను ఇన్నేళ్లూ ఒక్కో పనికి రేటు పక్క పార్లర్లని చూసి పెట్టిందే తప్ప తన గంట ఎంత అని ఎప్పుడూ వేసుకోలేదు. "అంటే డై వేయించుకునే వాళ్ళకి నేను ఎదురు డబ్బులిస్తున్నట్టేగా" అంది. డై 350 చేశాం. అప్పుడు నిమిషానికి సరిగ్గా ఎనిమిది, ఫేషియల్‌తో సమానం. ఆ జోరులో ఐబ్రోస్ కూడా 60 చేసేశాను.

డై రేటు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఐబ్రోస్ దగ్గర మాత్రం గొడవైంది. అంటే ఎవరూ గొడవపడలేదు, రావడం మానేశారు. మా షీట్‌లో మూడు వారాల్లోనే తెలిసిపోయింది. నేను "ఇలాంటివాళ్ళు పోతే పోయారులే, తక్కువ మార్జిన్ కస్టమర్లు" అన్నాను. ఈ మాట నిజంగా మా అమ్మతోనే అన్నాను.

అమ్మ కాసేపు దారం చుట్టుకుంటూ కూర్చుంది. కరోనాకి ముందు ఆ దారం కొస పళ్ళమధ్య పట్టుకుని లాగేది. అన్నేళ్ల రాపిడికి ముందు పన్ను అంచున చిన్న గాడి ఉంటుంది, నవ్వితే కనిపిస్తుంది. ఇప్పుడు కొస మెడకి కట్టుకుంటోంది.

"మంగళవారం పదకొండు నుంచి నాలుగు దాకా కుర్చీ ఖాళీగా ఉంటుంది కదా. ఆ ఖాళీ కుర్చీ నిమిషానికి ఎంతే?" అని అడిగింది.

సున్నా. నా లెక్కలో ఉన్న తప్పు అదే. నిమిషానికి ఎంత అన్న లెక్క కుర్చీకోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నప్పుడే పనికొస్తుంది. శనివారం సాయంత్రం అయిదింటికి ఐబ్రోస్‌కి ఒకరిని కూర్చోబెడితే ఫేషియల్ కోసం వచ్చినామె గడియారం చూసుకుని వెళ్ళిపోవచ్చు. అప్పుడు ఆ ఎనిమిది నిమిషాలు ఖరీదైనవే. మంగళవారం మధ్యాహ్నం 40 రూపాయలిచ్చే మనిషి వల్ల ఎవరికీ చోటు పోదు, వచ్చింది వచ్చినట్టే. ఆఫీసులో సర్వర్ల విషయంలో నేను ఇదే మాట రోజూ చెప్తాను. ఖాళీగా ఉన్న మెషీన్ మీద పని నడిపితే అదనపు ఖర్చు లేదని. కుర్చీ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

ఇంకోటి కూడా చెప్పింది. ఐబ్రోస్ మూడు వారాలకోసారి చేయించుకోక తప్పదు. ఫేషియల్‌కి అలాంటి గడువు లేదు, ఎప్పుడో పెళ్ళికో పేరంటానికో గుర్తొస్తుంది. మూడు వారాలకోసారి అద్దం ముందు కూర్చునే మనిషే ఒకరోజు "ఆంటీ, ముఖం నల్లబడిందేంటి" అని అడుగుతుంది. నా షీట్‌లో ఐబ్రోస్ ఒక వరస, ఫేషియల్ ఇంకో వరస. రెండూ ఒకే మనిషివని షీట్‌కి తెలీదు.

చివరికి అమ్మే తేల్చింది. మామూలు రోజుల్లో నాలుగింటిలోపు వస్తే పాత 40. సాయంత్రాలు, శని ఆదివారాలు 60. సినిమా టికెట్లకీ క్యాబులకీ ఇలాంటి పద్ధతి వాడతారని నేను చెప్పబోతే, "మన కూరగాయల మార్కెట్లో పొద్దునొక రేటు, చీకటిపడ్డాక ఒక రేటు ఉండదా ఏంటి" అంది. స్కూలు టీచర్లకి మధ్యాహ్నం రావడం కుదరదు కాబట్టి వాళ్ళదగ్గర ఎప్పుడొచ్చినా 40 తీసుకుంటుంది. ఆ మినహాయింపు బోర్డుమీద రాయలేదు.

ఇక్కడిదాకా చెప్పుకోవడానికి బాగానే ఉంది. కథలో కూడా ఇందులో సగం ఉంది, తెలివైన మాటలన్నీ కూతురి నోట పెట్టాను, అంతే తేడా.

కథలోంచి తీసేసిన ముక్క కస్టమర్ల పుస్తకాలది. అమ్మ దగ్గర మూడు లాంగ్ నోట్‌బుక్కులు ఉండేవి. పేరు, ఫోన్ నంబరు, ఎప్పుడొచ్చారు, ఏం చేయించుకున్నారు. పేర్లు కూడా అమ్మకి తెలిసే పద్ధతిలో ఉంటాయి: మెడికల్ షాపు వాళ్ళ కోడలు, లెక్చరర్ గారు పొడుగు, లెక్చరర్ గారు పొట్టి. వీటన్నింటినీ గూగుల్ షీట్‌లోకి ఎక్కిస్తే ఎవరొచ్చి ఎన్నాళ్ళైందో ఇట్టే తెలుస్తుంది, నలభై అయిదు రోజులు దాటినవాళ్ళకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టొచ్చు అన్నాను. రెండు శనాదివారాలు కూర్చుని 412 పేర్లు ఎక్కించాను.

అమ్మ పనుల పేర్లు రకరకాలుగా రాసింది. "డై", "నల్ల రంగు", "గోరింటాకు", "గోరింట+నీలి", "వేర్లకి మాత్రం". ఇలా ఉంటే లెక్క తేలదు. అన్నింటినీ కలిపి డ్రాప్‌డౌన్‌లో ఒకే మాట పెట్టాను, "హెయిర్ కలర్" అని. డేటాని శుభ్రం చేయడం అంటాం మేం దీన్ని.

కొన్ని పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో చుక్కలున్నాయి. అప్పు బాకీ అనుకున్నాను. బాకీల పేజీ వెనకాల విడిగా ఉంది కాబట్టి ఆ చుక్కలు ఎక్కించలేదు. అమ్మ పక్కగదిలోనే ఉంది. అడగడానికి ఒక్క నిమిషం పట్టేది.

నేను హైదరాబాద్ వచ్చేసిన రెండు నెలలకి, శ్రావణమాసంలో, అమ్మ ఒక పెళ్ళికూతుర్ని తయారుచేయడానికి పక్క ఊరు వెళ్ళింది. పార్లర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కతే ఉంది. బ్యాంకులో పనిచేసే ఒకావిడ వచ్చింది. ఆరేడేళ్లుగా వస్తున్న మనిషి. ఫంక్షన్ ఉంది, తొందరగా ఎప్పుడూ వేసేదే వేసెయ్యమంది. ఆ అమ్మాయి నేను నేర్పినట్టే ఫోన్‌లో షీట్ తెరిచి ఆవిడ పేరు వెతికింది. పోయినసారి: హెయిర్ కలర్. అంతకుముందు: హెయిర్ కలర్. డై పొడి కలిపి వేసేసింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఫోన్లో మాట్లాడుతూ కూర్చుంది. ఎప్పుడూ వేసేదే వేస్తున్నారనుకుంది.

అమ్మ ఆవిడకి ఎప్పుడూ వేసేది గోరింటాకు, ఆపైన నీలి ఆకు పొడి. అది రెండు పూటల పని, ఎవరూ ఇష్టంగా చేసేది కాదు. ఆవిడకి మాత్రం అమ్మ అదే చేస్తుంది. ఎందుకంటే ఆరేళ్ల క్రితం ఎవరిదో పెళ్ళిలో నల్ల మెహందీ కోన్ పెట్టించుకుంటే ఆవిడ చేతిమీద డిజైన్ ఎలా వేశారో అలాగే బొబ్బలెక్కింది. ఆ మచ్చ చూసిన రోజే అమ్మ ఆవిడ పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టుకుంది.

గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు. నిమిషాల్లో నల్లగా పండే కోన్లలో చాలావాటిలో కలిపేది పిపిడి, పూర్తి పేరు పారాఫినైలీన్ డయామీన్. ఎక్కువ హెయిర్ డైలలో నల్లరంగునిచ్చేదీ ఇదే. కొందరి ఒంటికి అది పడదు. ఒకసారి పడలేదంటే ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మామూలుగా జీవితాంతం. తర్వాత ఎప్పుడు తగిలినా మళ్ళీ తిరగబడుతుంది, కొన్నిసార్లు మొదటిసారికంటే గట్టిగా. చేతిమీద కోన్‌తో మొదలైన గొడవ ఆరేళ్ల తర్వాత తలమీద డైతో తిరిగిరావడం అందుకే. పైగా ఇది వెంటనే కనిపించదు. వేసినప్పుడు ఏమీ ఉండదు, కడిగాక ఏమీ ఉండదు. ఒకటి రెండు రోజులకి బయటపడుతుంది. అందుకే ఎవరైనా "అప్పుడేం కాలేదే" అంటే అమ్మ నమ్మదు.

ఆవిడకి మర్నాడు సాయంత్రం చెవుల వెనక దురద మొదలైంది. ఆ మర్నాటి పొద్దుటికి నుదురు వాచి కనురెప్పలు పూర్తిగా మూసుకుపోయాయి. తలకి డై వేస్తే కళ్ళెందుకు వాస్తాయని నేను అడిగాను. రెప్పల చర్మం బాగా పల్చన, వాపు ముందు అక్కడే తేలుతుంది అని డాక్టరు చెప్పారట. అమ్మ పెళ్ళివారింటినుంచి వచ్చి నగలైనా తీయకుండా ఆవిణ్ణి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్రలు వాడితే తగ్గడానికి వారం పట్టింది. ఊపిరాడకపోవడం లాంటివి రాలేదు, అది అదృష్టం. ఫంక్షన్‌కి ఆవిడ వెళ్ళలేదు.

అమ్మ నాకు ఫోన్ చేసి ఒకటే అడిగింది. "ఆ చుక్కలు ఏం చేశావే?"

శుక్రవారం రాత్రి రైలెక్కాను. అమ్మ తిట్టలేదు. కొత్తమ్మాయిని కూడా ఏమీ అనలేదు, ఏడుస్తుంటే అన్నం పెట్టింది. నేను ఆ అమ్మాయికి సారీ చెప్పాను. తను చేసింది నేను చెప్పినట్టే. మా ఆఫీసులో ఇలాంటివి జరిగితే ఒక మీటింగు పెట్టి, ఎవరినీ నిందించకుండా ఎక్కడ తప్పిందో రాసుకుంటాం. నేను ఎన్నో రాశాను. ఈసారి రాయాల్సింది చాలా చిన్నది. రెండు వేర్వేరు పనుల్ని ఒకే పేరుకింద కలిపేశాను. నాకు అర్థంకాని గుర్తుని చెత్త అనుకున్నాను.

ఆ రాత్రి మూడు పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాం. అమ్మ ఒక్కో చుక్క దగ్గర ఆగి చెప్పింది, నేను టైపు చేశాను. మొత్తం 19 చుక్కలు. ఈమెకి డై పడదు. ఈమెకి వాక్సింగ్ చేస్తే చర్మం లేస్తుంది, మొటిమలకి ఏదో మందు వాడుతోంది, మానేశాక రమ్మన్నాను. ఈమెకి షుగరు, పెడిక్యూర్‌లో గోరు మూలలు కోయకూడదు. పుస్తకంలో ఇవేవీ రాసిలేవు, చుక్క ఒక్కటే ఉంది. మిగతాదంతా అమ్మకే తెలుసు. అంటే నా తప్పు లేకపోయినా, అమ్మ ఊళ్ళో లేనిరోజు ఆ చుక్క కూడా కొత్తమ్మాయికి ఏమీ చెప్పేది కాదు. ఈ మాట అమ్మే అంది. నేననే ధైర్యం ఆ రాత్రి నాకు లేదు.

షీట్‌లో ఇప్పుడు పేరు పక్కనే "జాగ్రత్త" అని ఒక కాలమ్ ఉంది. అందులో ఏం రాసినా వరసంతా ఎర్రగా మారుతుంది. కథ రాసిన కూతురు నేర్పినవాటిలో అమ్మకి అన్నిటికంటే నచ్చింది ఇదే. కొత్తమ్మాయికి చదవకముందే రంగు కనబడుతుంది అంది.

```
=$C2<>""
```

కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఇది ఒక్క వరస. నా ఉద్యోగంలో దీనికి ఎవరూ జీతం ఇవ్వరు.

దానితోపాటు ఒక నియమం పెట్టింది అమ్మ. మొదటిసారి డై వేయించుకునేవాళ్ళకీ, డై కంపెనీ మార్చేవాళ్ళకీ రెండు రోజుల ముందు చెవి వెనక చిన్న చుక్క పెట్టి పంపాలి. 48 గంటల్లో దురద, ఎరుపు, వాపు ఏవీ లేకపోతేనే డై. అసలైతే ప్రతిసారీ చేయాలి, ఏళ్లతరబడి వేసుకున్నవాళ్ళకి కూడా ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. పాతవాళ్ళని అంతదాకా ఒప్పించలేకపోయింది. అమ్మోనియా లేదని డబ్బామీద రాసుందని కొందరు వాదిస్తారు. అమ్మోనియా వేరు, ఇది వేరు. వెనక సన్నక్షరాల్లో ఏముందో చూడాలి. నల్ల హెన్నా అని అమ్మే ప్యాకెట్లకీ అంతే.

రెండుసార్లు రావాలంటే కస్టమర్లు పోతారని నేను భయపడ్డాను. అమ్మ వాళ్ళని గురువారం మధ్యాహ్నం రమ్మంటోంది, డైకి శనివారం. గురువారం మధ్యాహ్నం కుర్చీ ఎలాగూ ఖాళీ. చెవి వెనక చుక్క పెట్టడానికి నిమిషం పడుతుంది. వచ్చారు కదా అని 40 రూపాయలకి ఐబ్రోస్ చేయించుకుని వెళ్తున్నారు. ఈ ఏర్పాటు నా తలలోంచి వచ్చిందని ఏ కథలోనూ రాయలేను.

బ్యాంకు ఆవిడ మూడు నెలలు రాలేదు. వస్తుందని నేను అనుకోలేదు. కార్తీకమాసంలో ఒకరోజు వచ్చిందట, ఐబ్రోస్‌కి. ఆ తర్వాత మళ్ళీ గోరింటాకు, నీలి. అమ్మ ఉన్నరోజే వస్తుంది, ముందు ఫోన్ చేసి కనుక్కుని.

ఆ రాత్రి పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు ఇంకో గుర్తు కూడా కనిపించింది. ఏడెనిమిది పేర్లకింద పెన్సిల్‌తో సన్నటి గీత. ఈసారి అడిగాను.

"వాళ్ళ నంబర్లు షీట్‌లో ఉన్నాయా?"

ఉన్నాయన్నాను. తీసేయమంది. నలభై అయిదు రోజుల మెసేజ్ వాళ్ళకి ఒక్కసారి కూడా వెళ్ళకూడదంది. ఎందుకని అడిగితే, "ఆ ఫోన్లు వాళ్ళ చేతుల్లో ఉండవే" అని పుస్తకం మూసింది. వాళ్ళు కూరగాయలకి వచ్చినట్టు సంచీతో వస్తారు, పది నిమిషాల్లో వెళ్ళిపోతారు. ఏ రోజు వస్తారో అమ్మకీ తెలీదు.

ఆ ఏడెనిమిది వరసలూ తీసేశాను. ఇప్పుడు షీట్‌లో 404 పేర్లున్నాయి. మిగిలిన ఎనిమిదీ నోట్‌బుక్కులోనే ఉన్నాయి, అది మిక్సీ వెనక ఉంటుంది.